ఛాతీ నడిమి పటం

మెడ కింద, రెండు కాలర్ ఎముకల నడుమ పల్లంగా ఉండే చోట వేలు పెట్టండి. అక్కణ్ణుంచి రొమ్ము ఎముక మీదుగా నెమ్మదిగా కిందికి జరపండి. సుమారు 5 సెంటీమీటర్లు దిగేసరికి అడ్డంగా ఒక చిన్న గట్టు తగులుతుంది. సన్నగా ఉన్నవాళ్లలో అది కంటికే కనిపిస్తుంది, ఒళ్లున్నవాళ్లలో కాస్త నొక్కి చూడాలి. రొమ్ము ఎముక పైముక్క, నడిమి ముక్క కలిసే అతుకు అది. మెడికల్ కాలేజీల్లో దాన్ని స్టెర్నల్ యాంగిల్ అంటారు. వేలిని అదే మట్టాన పక్కకు జరిపితే తగిలేది రెండో పక్కటెముక. మొదటిది కాలర్ ఎముక చాటున ఉండి చేతికి సరిగా అందదు కాబట్టి, డాక్టర్లు పక్కటెముకల లెక్కను ఈ రెండోదానితోనే మొదలుపెడతారు.

ఛాతీ మధ్యభాగాన్ని నేర్చుకునే ఎంబీబీఎస్, నర్సింగ్, ఫిజియోథెరపీ విద్యార్థులకు ఈ గట్టును మించిన ఆసరా లేదు. పుస్తకంలో మీడియాస్టినమ్ అధ్యాయం తెరవగానే నాలుగు భాగాలు, ఒక్కోదాని కింద పదీ పన్నెండు పేర్లు కనిపిస్తాయి. వాటిని బట్టీ పట్టినవాళ్లు పరీక్ష అయిన నెలకే మర్చిపోతారు. గట్టు దగ్గర మొదలుపెట్టి, ఏది దేనికి ముందుంది, ఏది దేన్ని ఆనుకుని ఉంది అని చూసుకుంటూ పోయినవాళ్లకు మాత్రం పేర్లు నిలుస్తాయి. పైగా రోగి దగ్గరికి వెళ్లాక పనికొచ్చేది కూడా ఆ ఇరుగుపొరుగు జ్ఞానమే. ఛాతీ లోపల ఒకటి ఉబ్బితే, బాధ బయటపడేది చాలాసార్లు దాని పక్కనున్న దాంట్లోంచి.

ముందుగా హద్దులు చూద్దాం. ఛాతీలో కుడి, ఎడమ ఊపిరితిత్తులు దేని పొరలో అది ఉంటాయి. ఆ రెంటికీ మధ్య మిగిలే చోటే మీడియాస్టినమ్. రెండు పెద్ద గదుల మధ్య నడవా లాంటిదనుకోండి. తలకూ కడుపుకూ మధ్య రాకపోకలు సాగించేవన్నీ, అంటే తిండి, గాలి, రక్తం, లింఫ్, నరాలు, ఈ దారినే పోవాలి. గుండె కూడా ఇక్కడే కాపురం ఉంటుంది. దీనికి ముందు రొమ్ము ఎముక, వెనక వెన్నుపూసలు, అడుగున డయాఫ్రమ్. పైన మాత్రం మూత లేదు, నేరుగా మెడలోకి తెరుచుకుని ఉంటుంది. ఈ చివరి సంగతి గుర్తుంచుకోండి, దాని అవసరం తర్వాత వస్తుంది.

ఇప్పుడు మన గట్టు దగ్గర్నుంచి వెనక్కి, వీపు వైపు, నేలకు సమాంతరంగా ఒక గీత గీశామనుకుందాం. అది ఛాతీ వెన్నుపూసల్లో నాలుగు, అయిదు పూసల మధ్య డిస్కు దగ్గర తేలుతుంది. ఈ గీతకు పైన ఉన్నది సుపీరియర్ మీడియాస్టినమ్, అంటే పై భాగం. కింద ఉన్నది ఇన్ఫీరియర్. కిందిదాన్ని గుండెను బట్టి మళ్లీ మూడు చేస్తారు. గుండె సంచికి ముందున్నది యాంటీరియర్, గుండె సంచీ దాని లోపలివీ మిడిల్, వెనకున్నది పోస్టీరియర్. విభజన మొత్తం ఇంతే. ఒక అడ్డగీత, ఒక గుండె గుర్తుంటే నాలుగు భాగాలూ గుర్తున్నట్టే.

ఆ అడ్డగీతను అక్కడే గీయడం ఊరికే కాదు. ఆ మట్టం దగ్గరే ఛాతీలో చాలా మలుపులు పడతాయి. గుండెలోంచి పైకి లేచిన బృహద్ధమని అక్కడే వంపు తిరగడం మొదలుపెడుతుంది. వంపు ముగించుకుని వెనక్కి దిగేది కూడా అదే మట్టానికి. శ్వాసనాళం రెండుగా చీలేదీ ఆ దగ్గర్లోనే. ఛాతీ గోడల రక్తాన్ని పోగుచేసుకొచ్చే అజైగస్ సిర కుడివైపున ముందుకు వంగి పెద్ద సిరలో కలిసేది కూడా ఆ చుట్టుపక్కలే.

అయితే ఈ మట్టం రాతిమీద చెక్కింది కాదు. డిసెక్షన్ హాల్లో శరీరం వెల్లకిలా పడుకుని ఉంటుంది. అప్పుడు బృహద్ధమని వంపు మొత్తం గీతకు పైనే కనిపిస్తుంది. బతికున్న మనిషి నిలబడితే లోపలి అవయవాలు బరువుకు కిందికి జారతాయి. అప్పుడు ఆ వంపు గీత మీదికి వస్తుంది, శ్వాసనాళం చీలిక గీతకు కిందికి పోతుంది. నిలబెట్టి తీసిన ఎక్స్‌రేను పుస్తకంలోని బొమ్మతో పోల్చి చూసి కంగారుపడే విద్యార్థులు ఉంటారు. ఫిల్మూ తప్పు కాదు, బొమ్మా తప్పు కాదు. మనిషి ఉన్న భంగిమ వేరు.

పై భాగాన్ని ముందు నుంచి వెనక్కి పొరలు పొరలుగా చూడాలి. రొమ్ము ఎముక వెనకే థైమస్ గ్రంథి ఉంటుంది. పిల్లల్లో పెద్దగా ఉండి, యౌవనం తర్వాత క్రమంగా కుంచించుకుపోయి కొవ్వుగా మారుతుంది. దాని వెనక పెద్ద సిరలు, వాటి వెనక బృహద్ధమని వంపు, దాన్నుంచి తలకూ చేతులకూ పోయే మూడు కొమ్మలు. వాటి వెనక శ్వాసనాళం, దాని వెనక వెన్నుపూసల మీద ఆనుకుని అన్నవాహిక. గాలి గొట్టం ముందు, తిండి గొట్టం వెనక అన్నది బళ్లో చదువుకున్నదే. కొత్తగా పట్టుకోవలసింది సిరలు ముందు, ధమనులు వెనక అన్న వరస.

ఆ వరస వల్ల రోగికి జరిగేది ఇదీ. తల నుంచీ చేతుల నుంచీ రక్తాన్ని తెచ్చే కుడి, ఎడమ సిరలు కలిసి సుపీరియర్ వీనా కావా అవుతాయి. ఎడమ సిర అటు నుంచి ఇటు రావాలి కాబట్టి కుడిదాని కంటే చాలా పొడవు. బృహద్ధమని కొమ్మల ముందు నుంచి ఏటవాలుగా దాటుతుంది. సిరల గోడలు పలచన, లోపలి ఒత్తిడి తక్కువ. అందుకే ఇక్కడ గడ్డ పెరిగితే ధమని కంటే ముందు సిరే నలిగిపోతుంది. పొద్దున లేవగానే ముఖం ఉబ్బి ఉండటం, చొక్కా కాలర్ బిగుతు కావడం, మెడ మీదా రొమ్ము మీదా నరాలు తేలి కనిపించడం, ముందుకు వంగితే తల బరువెక్కడం దాని లక్షణాలు. కాళ్లలో మాత్రం వాపు ఉండదు. పై సగంలోనే వాపు ఉందంటే డాక్టరు చూపు ఈ పై భాగం మీదికి పోవాలి.

కింది మూడు భాగాల్లో యాంటీరియర్ అన్నిటికంటే ఇరుకు. రొమ్ము ఎముకకూ గుండె సంచికీ మధ్య కొంచెం కొవ్వు, కొన్ని లింఫ్ గ్రంథులు, చిన్న రక్తనాళాలు, పిల్లల్లో థైమస్ కింది కొస, అంతే. ఇక్కడా దీనికి పైనా కనిపించే గడ్డల్లో థైమస్‌ది ముఖ్యమైనది. కనురెప్పలు వాలిపోవడం, సాయంత్రానికి నమలడం కూడా కష్టమవడం లాంటి లక్షణాలతో మయస్థీనియా గ్రావిస్ అనే కండరాల జబ్బు వస్తుంది. ఆ జబ్బు ఉన్నవాళ్లకు ఛాతీ స్కాన్ రాస్తారు. కళ్ల బాధకు ఛాతీ స్కాన్ ఎందుకని రోగి బంధువులు అడుగుతారు. ఆ జబ్బున్న నూరుమందిలో సుమారు పది పదిహేనుమందికి థైమస్‌లో గడ్డ ఉంటుంది. అందుకే ఆ స్కాన్.

మిడిల్ భాగమంటే గుండె సంచి, గుండె, గుండెలోకి వచ్చిపోయే పెద్ద నాళాల మొదళ్లు. శ్వాసనాళం చీలికనూ, అక్కడ గుంపుగా ఉండే లింఫ్ గ్రంథులనూ కూడా ఇక్కడే లెక్కిస్తారు. క్షయలో వాచేవి తరచుగా ఈ గ్రంథులే. గుండె సంచికి రెండు పక్కలా ఫ్రెనిక్ నరాలు దిగుతాయి. మెడలో పుట్టి, ఛాతీ అంతా దాటి, డయాఫ్రమ్‌ను ఆడించేవి ఇవే. ఊపిరితిత్తి మొదలుకు ముందు నుంచి పోయేది ఫ్రెనిక్, వెనక నుంచి పోయేది వేగస్. ఈ ఒక్క తేడా తెలిస్తే ఏ నరం ఏ భాగానిదో తడుముకోనక్కర్లేదు.

పోస్టీరియర్ భాగంలో ఇరుగుపొరుగు సంబంధం మరీ దగ్గరిది. అన్నవాహిక ఇక్కడ గుండె ఎడమ కర్ణికకు సరిగ్గా వెనక, దాదాపు ఆనుకుని దిగుతుంది. మధ్యలో ఉన్నది గుండె సంచి గోడ మాత్రమే. అందుకే కర్ణికలో రక్తం గడ్డ ఉందేమో చూడాలంటే, నోట్లోంచి అన్నవాహికలోకి సన్నని గొట్టం దింపి అక్కణ్ణుంచి ఎకో తీస్తారు. ఛాతీ మీద పెట్టి తీసే ఎకోలో పక్కటెముకలూ ఊపిరితిత్తులూ అడ్డొస్తాయి. వెనక నుంచి చూస్తే ఏ అడ్డూ ఉండదు. ఆ పొరుగే కర్ణిక బాగా పెద్దదైనప్పుడు అన్నవాహికను వెనక్కి నొక్కుతుంది. అప్పుడు గుండె జబ్బు మనిషికి ముద్ద దిగడం కష్టమవుతుంది.

అన్నవాహికకు ఎడమ పక్కన బృహద్ధమని దిగుతుంది, కుడి పక్కన అజైగస్ సిర ఎక్కుతుంది. ఆ ధమనికీ సిరకూ మధ్య థొరాసిక్ డక్ట్ ఉంటుంది. చూడటానికి సన్నటి తెల్లని దారప్పోగు. డిసెక్షన్‌లో చాలామంది దాన్ని కొవ్వుతో పాటు తీసి పారేస్తారు. పేగుల నుంచి కొవ్వు కలిసిన లింఫ్‌ను రక్తంలోకి చేర్చే దారి అది. కడుపులో మొదలై, డయాఫ్రమ్ దాటి వెన్నుకు కుడివైపున పైకి వస్తుంది. అయిదో పూస దగ్గర ఎడమకు దాటుతుంది. చివరికి మెడ మొదట్లో ఎడమవైపు సిరలో కలుస్తుంది. ఈ దాటు సర్జన్లకు చాలా ముఖ్యం. దెబ్బ ఆ మట్టానికి కింద తగిలితే పాలలాంటి ద్రవం సాధారణంగా కుడి ఊపిరితిత్తి చుట్టూ చేరుతుంది. పైన తగిలితే ఎడమ పక్క చేరుతుంది. అన్నవాహిక ఆపరేషన్ అయిన రోగికి తిండి మొదలుపెట్టాక ట్యూబులో వచ్చే నీరు తెల్లబడితే, డక్ట్ ఏ ఎత్తున తెగిందన్నది ఏ పక్క నీరు చేరిందన్నదాన్ని బట్టే మొదట ఊహిస్తారు.

ఇన్ని అంశాల్లో విద్యార్థి ఒక్కదాన్ని పూర్తిగా వెంబడించదలిస్తే, ఎడమ రికరెంట్ లారింజియల్ నరాన్ని ఎంచుకోవాలని చెబుతాను. స్వర తంత్రులను కదిలించే నరం ఇది. గొంతుకు వెళ్లవలసింది నేరుగా గొంతుకు వెళ్లదు. వేగస్ నరంతో పాటు మెడ దాటి ఛాతీలోకి దిగి, బృహద్ధమని వంపు కింద నుంచి వెనక్కి మళ్లి, శ్వాసనాళానికీ అన్నవాహికకూ మధ్య ఉన్న గాడిలో మళ్లీ పైకెక్కి స్వరపేటికను చేరుతుంది. కుడి నరం ఇంత దూరం రాదు. మెడ మొదట్లోనే కుడి సబ్‌క్లేవియన్ ధమని కింద నుంచి తిరిగిపోతుంది.

ఈ తేడా పిండదశలో పడుతుంది. అప్పుడు రెండు నరాలూ మెడ దగ్గరి ఆరో ధమని వంపుల కిందుగా పోతాయి. గుండె ఛాతీలోకి దిగుతున్న కొద్దీ వాటినీ కిందికి లాగుతుంది. కుడివైపు ఆ ఆరో వంపు చివరి ముక్క మాయమైపోవడంతో నరం పైకి జారి సబ్‌క్లేవియన్ దగ్గర ఆగుతుంది. ఎడమవైపు ఆ ముక్క పోదు. పుట్టేదాకా అది బిడ్డకు రక్తం దారి మళ్లించే నాళంగా పనిచేస్తుంది, పుట్టాక మూసుకుపోయి లిగమెంటమ్ ఆర్టీరియోసమ్ అనే తాడుగా మిగులుతుంది. ఎడమ నరం జీవితాంతం ఆ తాడు పక్కనే, ధమని వంపు కింద చిక్కుకుని ఉండిపోతుంది.

దీన్ని ఒక ఊహా రోగి మీద పెట్టి చూద్దాం. 58 ఏళ్ల మనిషి, ముప్పై ఏళ్లుగా చుట్ట తాగే అలవాటు. రెండు నెలలుగా గొంతు బొంగురు. జ్వరం లేదు, గొంతు నొప్పి లేదు. ముందు జలుబనుకున్నాడు, తర్వాత అరిచి మాట్లాడటం వల్లనుకున్నాడు. మందుల షాపులో దగ్గు మందు తాగాడు, తగ్గలేదు. ఇ.ఎన్.టి. డాక్టరు స్కోపు వేసి చూస్తే గొంతులో పుండూ లేదు, గడ్డా లేదు. ఎడమ స్వర తంత్రి మాత్రం కదలడం లేదు. కుడిది మామూలుగా ఆడుతోంది.

చాలామంది ఇక్కడ గొంతు దగ్గరే ఆగిపోతారు. పటం తెలిసినవాళ్లు కిందికి దిగుతారు. కదలనిది కుడిదైతే వెతకాల్సింది ముఖ్యంగా మెడలో, థైరాయిడ్ దగ్గర, ఊపిరితిత్తి పైకొస దగ్గర. ఇక్కడ కదలనిది ఎడమది కాబట్టి, మెడతో పాటు బృహద్ధమని వంపు కింద దాకా చూడాలి. ఛాతీ ఎక్స్‌రే తీశారు. ఎక్స్‌రేలో ఎడమ అంచున పైన ధమని వంపు ఉబ్బు, దాని కింద పుపుస ధమని ఉబ్బు, రెంటి మధ్య లోపలికి వంగిన చిన్న గుంట ఉండాలి. దాన్ని అయోర్టోపల్మనరీ విండో అంటారు. ఇతనిలో ఆ గుంట పూడిపోయి, అంచు బయటికి ఉబ్బి ఉంది. ఇంకో సంగతి కూడా కనిపించింది. డయాఫ్రమ్ ఎడమ సగం కుడి సగం కంటే పైకి లేచి ఉంది. మామూలుగా కాలేయం వల్ల కుడి సగమే కొంచెం ఎత్తుగా ఉండాలి.

ఈ రెండు గుర్తులనూ కలిపి చదవాలి. గొంతు బొంగురు రికరెంట్ నరం దెబ్బతిన్నదని చెబుతోంది. పైకి లేచిన డయాఫ్రమ్ ఫ్రెనిక్ నరం కూడా దెబ్బతిని ఉండవచ్చని చెబుతోంది. ఎడమ ఫ్రెనిక్ నరం ధమని వంపు పక్కగా దిగుతుంది, రికరెంట్ నరం ఆ వంపు కిందికి మళ్లుతుంది. రెండూ ఒకదానికొకటి దగ్గరపడే చోటు ఆ గుంట చుట్టుపక్కలే. ఎడమ ఊపిరితిత్తి పై తమ్మె నుంచి లింఫ్ చేరే గ్రంథులు కూడా అక్కడే ఉంటాయి. కాబట్టి సి.టి. స్కాన్‌కు పంపేటప్పుడే డాక్టరు మనసులో మొదటి అనుమానం ఎడమ పై తమ్మెలో క్యాన్సర్, అది ఆ గ్రంథులకు పాకడం. ముక్క తీసి పరీక్ష చేయడంలోనూ పటమే దారి చూపుతుంది. శ్వాసనాళం చుట్టూ ఉన్న గ్రంథులకైతే బ్రాంకోస్కోపులోంచి సూది పంపవచ్చు. ఈ గుంటలోని గ్రంథులు మాత్రం ఆ తాడుకు అవతల, పుపుస ధమని చాటున ఉంటాయి. సూదికి మామూలుగా అందవు. ఛాతీ ఎడమ వైపు నుంచి చిన్న కోతతోనో, కెమెరాతోనో వెళ్లాల్సి రావచ్చు.

ప్రతి బొంగురు గొంతూ క్యాన్సర్ కాదు. ఎడమ తంత్రి పక్షవాతానికి థైరాయిడ్ ఆపరేషన్ కారణం కావచ్చు. ధమని వంపు ఉబ్బడం కావచ్చు. ఏ కారణమూ దొరకనివీ కొన్ని ఉంటాయి. 1897లో నోర్బెర్ట్ ఓర్ట్నర్ అనే ఆస్ట్రియా వైద్యుడు మైట్రల్ కవాటం ఇరుకైన రోగుల్లో ఎడమ స్వర తంత్రి చచ్చుబడటం గమనించి రాశాడు. ఉబ్బిన ఎడమ కర్ణిక నరాన్ని నొక్కుతోందని ఆయన అనుకున్నాడు. ఒత్తిడికి ఉబ్బిన పుపుస ధమని, నరాన్ని బృహద్ధమనికేసి నలుపుతోందని తర్వాతి వాళ్లు తేల్చారు. రుమాటిక్ గుండె జబ్బు ఇంకా కనిపించే మన దేశంలో ఈ సంగతి తెలిసి ఉండాలి. బొంగురు గొంతుతో పాటు మెట్లెక్కితే ఆయాసం వచ్చే మనిషికి ఎకో కూడా తీయించాలి. మూడు వారాలు దాటిన బొంగురును, అందులోనూ పొగ తాగేవాళ్లలో, మందుల షాపు దగ్గర వదిలేయకూడదు.

ఇక విద్యార్థులను తికమకపెట్టే ఒక విషయం. అనాటమీలో నాలుగు భాగాలు నేర్చుకుని రేడియాలజీ విభాగానికి వెళ్తే అక్కడ మూడే చెబుతారు. లోపల ఈ భాగాల మధ్య గోడలేమీ లేవు, గీతలన్నీ మనం గీసుకున్నవే. గడ్డలు ఆ అడ్డగీత దగ్గర ఆగవు, పైకీ కిందికీ పెరిగిపోతాయి. అందుకే థైమస్ గడ్డల మీద పనిచేసే అంతర్జాతీయ నిపుణుల బృందం 2014లో సి.టి. స్కాన్ ఆధారంగా కొత్త పద్ధతి ప్రకటించింది. పెద్ద నాళాలకూ గుండెకూ ముందున్నది ఒకటి, గుండె, నాళాలు, శ్వాసనాళం, అన్నవాహిక ఉన్నది రెండోది, వెన్ను పక్కన ఉన్నది మూడోది. రెండోదానికీ మూడోదానికీ హద్దు, పూసల ముందు అంచుకు 1 సెంటీమీటరు వెనకగా గీసిన గీత. అన్నవాహిక అనాటమీ పుస్తకంలో పోస్టీరియర్‌లో ఉంటుంది, సి.టి. రిపోర్టులో నడిమి భాగంలో ఉంటుంది. పరీక్షలో ఏ పద్ధతి అడిగారో చూసుకుని రాయాలి. రిపోర్టు చదివేటప్పుడు ఏ పద్ధతిలో రాశారో చూసుకోవాలి.

గోడలు లేకపోవడం ప్రాణం మీదికి తెచ్చే సందర్భం ఒకటుంది. మీడియాస్టినమ్ పైన మూత లేదని మొదట్లో చెప్పాను. దవడ పన్ను పుచ్చి చీము పట్టినా, గొంతు వెనక చీము చేరినా, అది మెడలోని పొరల సందుల్లోంచి కిందికి జారగలదు. అన్నవాహిక వెనక, వెన్ను ముందు ఉన్న ఒక సందు పుర్రె అడుగు నుంచి డయాఫ్రమ్ దాకా దాదాపు అడ్డు లేకుండా సాగుతుంది. బరువుకు చీము దిగుతుంది, ఊపిరి తీసుకున్న ప్రతిసారీ ఛాతీలో తగ్గే ఒత్తిడి దాన్ని ఇంకా లోపలికి లాగుతుంది. పంటి నొప్పికి మందులు వాడుతున్న మనిషికి మెడ వాచి, మింగలేక, దానికి తోడు ఛాతీ నొప్పి, ఎక్కువ జ్వరం, ఆయాసం వచ్చాయంటే చీము ఛాతీలోకి దిగిందేమోనని వెంటనే చూడాలి. మెడ చర్మం నొక్కితే కరకరమన్నట్టు తగిలితే లోపల గాలి చేరిందని అర్థం. అలాంటి రోగికి మెడ వరకే స్కాన్ రాసి పంపితే సరిపోదు. పుర్రె అడుగు నుంచి డయాఫ్రమ్ వరకూ తీయమని రాయాలి.